‘మీకెందుకు తగిలింది మేడం?’

ప్రశ్న: అక్కా, నేను అనంతపురంలో డ్రిప్పు పరికరాలు సరఫరా చేసే ఆఫీసులో డిస్పాచ్ చూస్తాను. మా వాట్సాప్ గ్రూపులో మేనేజరు సారుతో కలిపి 17 మందిమి. ఫీల్డులో తిరిగే ఒకన్న రెండు నెలలుగా పేరు పెట్టకుండా నన్ను దెప్పుతున్నాడు. ఒక గురువారం మధ్యాహ్నం ‘కల్యాణదుర్గం మెటీరియల్ మళ్లీ సగమే వచ్చింది. రైతు ముందర తల దించుకునేది మేము. ఏసీలో కూర్చున్నోళ్లకు ఎండ ఏం తెలుస్తుందిలే 🙏’ అని పెట్టాడు. ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. నిజానికి నాకు వచ్చిన లిస్టులో ఫిల్టరే లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ‘ఎవరి గురించో సూటిగా చెప్పండి’ అని గ్రూపులో అడిగాను. ‘నేను ఎవరి పేరూ అనలేదే, మీకెందుకు తగిలింది మేడం’ అన్నాడు. అందరిలో చిన్నబోయాను. ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు, మాట్లాడితే గొడవ. ఎప్పుడు జవాబివ్వాలి, ఎప్పుడు ఊరుకోవాలి?

సమాధానం: చెల్లీ, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. ‘మీకెందుకు తగిలింది’ అన్నది ఆయన అప్పటికప్పుడు కనిపెట్టిన జవాబేమీ కాదు. పేరు పెట్టకుండా విసిరే ప్రతి మాట వెనకా ఈ జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. అయినా ‘ఎవరి గురించి’ అని అందరి ముందు అడిగేసరికి నీ చెయ్యి నీ భుజం మీదికి పోయినట్టు వాళ్లకు కనబడింది. అడగాల్సిన ప్రశ్నే అడిగావు, అడిగిన చోటు మాత్రం సరైంది కాదు. అదే ప్రశ్న ఫోన్లో అడిగి ఉంటే ఆ జవాబు ఇవ్వాలన్న సరదా ఆయనకు పుట్టేది కాదు, చూసి నవ్వేవాళ్లు లేరు కాబట్టి.

ఇప్పుడు ఆయన రాసిన మూడు వాక్యాలనూ విడివిడిగా ఒక కాగితం మీద రాసుకో. నువ్వు వాటిని ఒకే మాటగా చదివావు, అందుకే ఒకే జవాబు ఇవ్వాలనుకున్నావు. అవి మూడూ మూడు రకాల మాటలు.

మొదటిది, ‘కల్యాణదుర్గం మెటీరియల్ మళ్లీ సగమే వచ్చింది’. ఇది పని మాట. నిజమా కాదా అని చూసి తేల్చగలిగిన మాట. దీన్ని మేనేజరు చదువుతాడు, గోడౌను వాళ్లు చదువుతారు, రేపు రైతు ఫోన్ చేస్తే దీన్నిబట్టే ఎవరో ఒకరు జవాబు చెబుతారు. దీనికి నువ్వు గ్రూపులోనే, ఆ మధ్యాహ్నమే జవాబివ్వాల్సింది. రెండోది, ‘తల దించుకునేది మేము’. ఇది బాధ. దీనికి జవాబు ఉంది కానీ గ్రూపులో లేదు. మూడోది ఏసీ మాట. ఇదొక్కటే పోటు. దీనికి జవాబు లేదు. నీ ఆఫీసులో ఏసీ ఉందా లేదా అన్నదాని మీద ఏ బండీ కదలదు, ఏ ఫిల్టరూ ఆగదు.

నువ్వు చేసింది ఏమిటంటే, జవాబు కావాల్సిన మొదటి వాక్యాన్ని వదిలేసి, అవసరం లేని మూడో వాక్యాన్ని పట్టుకున్నావు. అందుకే చదివినవాళ్లకు రెండు సంగతులు మిగిలాయి: మెటీరియల్ సగమే పోయింది, ఆ అమ్మాయికి కోపం వచ్చింది. ఫిల్టరు లిస్టులోనే లేదన్న అసలు సంగతి ఇప్పటికీ గ్రూపులో ఎవరికీ తెలియదు.

‘ఊరుకుంటే ఒప్పుకున్నట్టు’ అని నువ్వు భయపడ్డావు చూడు, ఆ భయం మొదటి వాక్యం విషయంలో నిజమే. తప్పు లెక్కను అలాగే వదిలేస్తే అదే నిజమని నిలబడిపోతుంది. మూడో వాక్యం విషయంలో ఆ భయం అక్కర్లేదు. పని మాటకు సరిగ్గా జవాబిచ్చి పోటును ముట్టుకోని మనిషిని చూసి, ఈమె ఒప్పుకుంది అని ఎవరూ అనుకోరు.

ఆ గురువారం గ్రూపులో ఇలా పెట్టి ఉండొచ్చు:

‘కల్యాణదుర్గం: లాటరల్ చుట్టలు, పైపులు, ఫిట్టింగులు పొద్దున 11కి బండిలో పంపినాం. నాకు వచ్చిన లిస్టులో ఫిల్టరు లేదు. ఇప్పుడే గోడౌనులో తీసి పెట్టిస్తున్నా, సాయంత్రం బండికి వస్తుంది. ఇంకేమైనా తక్కువుంటే 4 లోపల చెప్పండన్నా.’

దీంట్లో ‘నా తప్పు కాదు’ అని ఎక్కడా లేదు, అయినా తప్పు ఎవరిది కాదో తెలిసిపోతుంది. లిస్టు ఎవరు పంపారో రాయలేదు. అది రాస్తే ఇంకొకరు భుజాలు తడుముకోవాల్సి వస్తుంది, అక్కడి నుంచి గొడవ కొత్త దారి పడుతుంది. లిస్టు ఫోటో కూడా పెట్టలేదు. నీకు ఆ ఫోటో పెట్టాలని చేతులు లాగుతాయి, నాకు తెలుసు. గ్రూపులో ఫోటో పెట్టడమంటే అందరి ముందు రుజువు విసిరినట్టు, ఆ తర్వాత అవతలి మనిషికి తగ్గే దారి ఉండదు. ఎవరైనా అడిగితే పంపు, లేకపోతే ఫోన్లో దాచుకో. చివర ఆ ‘అన్నా’ మాత్రం తీసేయొద్దు. రోజూ అన్నా అని పిలిచే మనిషిని ఆ ఒక్కరోజు ‘సార్’ అనో, ఏమీ అనకుండానో రాస్తే, ఆ తేడా పోటు కంటే ముందు తగులుతుంది.

ఇలాంటి జవాబు ఒక్కటే ఇవ్వాలి. దానికి ఆయన ‘సరేలే మేడం, మీ లెక్కలు మీరే చూస్కోండి’ అంటే ఇక చెప్పేది లేదు. ‘ఫిల్టరుతో పాటు ఎండ్ క్యాపులు కూడా తక్కువున్నాయి’ అంటే అది మళ్లీ పని మాట, వెంటనే జవాబివ్వు. గొడవ రాజుకుంటోందని తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటుంది. మాటల్లో పైపు, ఫిల్టరు, బండి అన్నవి కనబడకుండా పోయి ‘మీరు’, ‘నేను’, ‘మేము’ మాత్రమే మిగిలితే, అక్కడి నుంచి నువ్వు ఎంత మంచి వాక్యం రాసినా అది కట్టెపుల్లే. ‘పోయిన నెల కూడా ఇంతే’ అని పాత సంగతి వచ్చినా అంతే.

ఇక్కడ ఇంకో విషయం అడగాలి. అది నిజంగా నిన్ను ఉద్దేశించిన పోటేనా? రెండు నెలల మెసేజీలు నువ్వు చదివావు, నేను చదవలేదు, కాబట్టి కాదని నేను అనను. కానీ రాతలో గొంతు వినబడదు, మనం దాన్ని మనసులో పెట్టుకుని చదువుతాం. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మరో ఇద్దరితో కలిసి 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్ని వాక్యాలు మనస్ఫూర్తిగానో వెటకారంగానో, కొందరు ఈమెయిల్లో, కొందరు గొంతుతో పంపాలి, అందుకున్నవాళ్లు ఏది ఏదో చెప్పాలి. పంపినవాళ్లు నూటికి 78 సార్లు సరిగ్గా పట్టుకుంటారని అనుకున్నారు. గొంతు విన్నవాళ్లు 73 సార్లు పట్టుకున్నారు. ఈమెయిల్లో చదివినవాళ్లు 56 సార్లే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తుంది కదా. పైగా చదివినవాళ్లు కూడా తమకు సరిగ్గానే అర్థమైందని గట్టిగా నమ్మారు.

అందుకని ఒక పని చెయ్యి. గ్రూపులో వెనక్కి వెళ్లి ఆయన మెసేజీలే చదువు, నీకు సంబంధించనివి. అకౌంట్స్ వాళ్ల బిల్లు ఆలస్యమైనప్పుడు ఎలా రాశాడు? వేరే వాళ్లు లోడు పంపిన రోజున తక్కువ వస్తే ఎలా రాశాడు? అక్కడ కూడా ‘మళ్లీ’ అనీ, చివర దండం బొమ్మా ఉంటే అది ఆయన రాసే తీరు. మన వైపు చాలామందికి ఆ దండం మెసేజీ ముగింపు, అంతకంటే ఏమీ కాదు. వేరేవాళ్లకు ‘అన్నా, క్యాపులు తక్కువున్నాయి, చూడు’ అని మామూలుగా రాసి, నీ పని వచ్చిన చోటే ఎండ, ఏసీ, తల దించుకోవడం వస్తుంటే అప్పుడు అది నీకే. ఇంకో గుర్తు కూడా ఉంది. గ్రూపులో పెట్టే ముందు నీకు ఫోన్ చేశాడా? చేసి, నువ్వు ఎత్తకపోతే పెట్టాడా? అలా చేసి ఉంటే అది దెప్పడం కంటే దిక్కుతోచకపోవడానికి దగ్గర.

ఆ ముగ్గురి నవ్వు బొమ్మలను నువ్వు లెక్కపెట్టుకున్నావు. మిగతా పన్నెండు మంది ఏమీ పెట్టలేదు, వాళ్లను లెక్కపెట్టలేదు. నవ్విన ముగ్గురూ ఫీల్డు వాళ్లే అయితే, వాళ్లు నవ్వింది నిన్ను చూసి కాకపోవచ్చు. ఎండ మాట వాళ్ల మాట కూడా.

ఈ ఎండ సంగతి నేను కాస్త గట్టిగానే చెప్పాలి. ఫిల్టరు రాకపోతే అక్కడ ఏమవుతుందో నీకు నాకంటే బాగా తెలుసు, కానీ ఆ మెసేజీ చదివేటప్పుడు అది నీ కళ్ల ముందుకు వచ్చి ఉండదు. లాటరల్స్ పరిచేసి ఉంటారు. రైతు ఇద్దరు ముగ్గురు కూలీలను పెట్టుకుని ఉంటాడు. కరెంటు ఉన్న వేళలోనే బోరు మోటారు వేసి నీళ్లు వదిలి చూపించాలి. ఫిల్టరు లేకుండా వదిలితే బోరులో వచ్చే సన్న ఇసుక డ్రిప్పర్లలో ఇరుక్కుంటుంది, కాబట్టి వదలలేరు. రైతు ‘ఏమప్పా, కూలోళ్లకు డబ్బులెవరిస్తారు’ అంటాడు. ఆ గట్టు మీద నిలబడి, చెమట చేతులతో, తెర సరిగ్గా కనబడని వెలుతురులో టైపు చేసిన మాట అది. నిన్ను అన్న మాట సరైందని నేను చెప్పడం లేదు. దాని వెనక ఉన్న రెండో వాక్యం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, దాన్ని నువ్వు వినకపోతే మూడో వాక్యం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

కడపలో నేను ఉద్యోగం చేసే రోజుల్లో మా ఆఫీసు గ్రూపులో ఒకాయన ‘కొందరు ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో దేవుడికే ఎరుక’ అని పెట్టాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉండి, ఆ వారం నేను రెండు రోజులు గంట ముందు వెళ్లిపోయాను. నన్నే అన్నాడనుకున్నాను. రాత్రి పదిన్నరకు వంటింట్లో నిలబడి, గ్రూపు పెట్టెలోనే చాలాసేపు రాశాను, చెరిపాను, రాశాను. అంతసేపూ నా పేరు పక్కన ‘typing…’ అని అందరికీ కనబడుతూనే ఉందని నాకు తోచలేదు. చివరికి మూడు పేరాలు పంపాను, అమ్మ ఆరోగ్యంతో సహా. అర నిమిషానికి భయం వేసి తీసేశాను. అక్కడ ‘This message was deleted’ అన్న గీత మిగిలింది. ‘ఏం పెట్టినారు మేడం, ఏం తీసినారు’ అని వరసగా అడగడం మొదలుపెట్టారు, ఒకరిద్దరు అప్పటికే చదివేశారు. ఆయన అన్నది మా వీధి చివర టీ కొట్టుకు మాటిమాటికీ పోయే ఇద్దరు కుర్రాళ్ల గురించని తర్వాత తెలిసింది. మా అమ్మ జబ్బు సంగతి ఆఫీసు మొత్తానికి తెలిసిపోయింది, అది నాకు ఇప్పటికీ బాధే.

అప్పటి నుంచి కోపంలో ఉన్నప్పుడు గ్రూపు పెట్టెలో ఒక్క అక్షరం కూడా టైపు చేయను. వాట్సాప్‌లో మన నంబరుకు మనమే మెసేజీ పంపుకోవచ్చు, అక్కడ రాసుకుంటాను. నువ్వూ అక్కడే రాయి. రాశాక అందులో అవతలివాళ్లకు తెలియని కొత్త సంగతి ఏదైనా ఉందా అని చూడు. ‘లిస్టులో ఫిల్టరు లేదు’ అన్నది కొత్త సంగతి, అది పంపాల్సిందే. ‘నాకూ ఇక్కడ ఊపిరి ఆడనంత పని ఉంది’ అన్నది వాళ్లను ఒప్పించదు, దాన్ని పంపొద్దు. పంపాక తప్పు కనబడితే 15 నిమిషాల లోపు దిద్దుకోవచ్చు, కానీ దిద్దినట్టు పక్కనే కనబడుతుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన ఫోను. ఈ జవాబు నీకు చేరేసరికి ఆ గురువారం గడిచి చాలా రోజులై ఉంటుంది, అయినా చెయ్యి. మధ్యాహ్నం వద్దు, ఆయన ఎక్కడో చేనులో ఉంటాడు. సాయంత్రం ఏడు దాటాక, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకు చెయ్యి. మెసేజీని నొక్కి పట్టుకుంటే వచ్చే మెనూలో ‘Reply privately’ అని ఉంటుంది, దాంట్లో రాయొచ్చు కదా అంటావేమో. అదీ రాతే, దాంట్లోనూ గొంతు ఉండదు. మాట్లాడటమే మేలు.

ముందు నీ వైపు నుంచి మొదలుపెట్టు: ‘అన్నా, ఆ రోజు గ్రూపులో అట్ల అడగకుండా నీకే ఫోన్ చేసుండాల్సింది. కల్యాణదుర్గంలో ఏమైందన్నా?’ అని అడిగి ఆగిపో. ఆయన చెప్పనీ. బహుశా రైతు సంగతి చెబుతాడు, ‘ఆయప్ప ముందర నేనేం చెప్పల్ల?’ అంటాడు. మధ్యలో లిస్టు సంగతి ఎత్తకు. ఆయన చెప్పడం అయ్యాక ‘నాకొచ్చిన లిస్టులో ఫిల్టరు లేదన్నా, ఫోటో ఉంది, కావాలంటే పంపిస్తా’ అను. తర్వాత నీ బాధ ఒక్కసారి, ఒక్క వాక్యంలో చెప్పు: ‘ఏసీ మాటకు నాకు బాధ అయిందన్నా.’ నువ్వు చెడ్డవాడివి అనొద్దు, అందరి ముందు పరువు తీశావు అనొద్దు. జరిగినదీ, నీకు అనిపించినదీ చెప్పి ఊరుకో. ఆయన ‘నిన్ను అనలేదమ్మా’ అన్నా ‘సరేనన్నా’ అను. అది నిజమో కాదో తేల్చుకోవడానికి నువ్వు ఫోన్ చేయలేదు.

ఫోన్ పెట్టే ముందు ఒక పద్ధతి ఒప్పించుకో. తక్కువ వస్తే ముందు నీకు ఫోన్, నువ్వు పది నిమిషాల్లో ఎత్తకపోతే అప్పుడు గ్రూపు. బదులుగా నువ్వు లోడు ఎక్కించే ముందు ఆయనకు లిస్టు చదివి వినిపిస్తావు, మూడు నిమిషాల పని. లిస్టులో మరిచిపోయిన ఫిల్టరు అప్పుడే బయటపడుతుంది. నిజం చెప్పాలంటే ఈ మూడు నిమిషాల పని నీ గ్రూపులో పోట్లను తగ్గించినంతగా ఏ జవాబూ తగ్గించదు. మెటీరియల్ సరిగ్గా చేరిన రోజున ఆ మెసేజీ రాయడానికి ఆయనకు మొదటి వాక్యమే దొరకదు.

ఊరుకోకూడని చోట్లు కూడా ఉన్నాయి, అవి ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. కులం, ఇల్లు, ఒళ్లు, బట్టలు గురించి మాట వస్తే అది దెప్పడం దాటిపోయింది. సరుకో డబ్బో నువ్వు మాయం చేశావన్నట్టు రాస్తే, పేరు లేకపోయినా, ‘ఏ లోడులో ఏది తక్కువో చెప్పండి సార్, రిజిస్టరు చూద్దాం’ అని మేనేజరును ఉద్దేశించి గ్రూపులోనే రాయి. ఫోన్లో మాట్లాడాక కూడా నీ మీదనే మళ్లీ మళ్లీ వస్తుంటే మేనేజరు దగ్గరికి పో. ఇలాంటి మెసేజీలకు స్క్రీన్‌షాటు వెంటనే తీసి పెట్టుకో, ఎందుకంటే పెట్టినవాళ్లు రెండు రోజుల తర్వాత కూడా దాన్ని అందరికీ కనబడకుండా తీసేయగలరు. నాలుగైదు చాలు, తేదీలతో. ‘ఆయన్ని మందలించండి’ అని అడగకు. ‘తక్కువ వస్తే ముందు డిస్పాచ్‌కు ఫోన్ చేయాలని మీరొక మాట చెప్పండి సార్’ అని అడుగు. మేనేజరుకు అది చేయడం తేలిక, ఎవరి పక్కనా నిలబడక్కర్లేదు. లైంగికమైన మాటైతే ఆ దారి వేరు. పది మంది, అంతకు మించి పనిచేసే చోట 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు రాతపూర్వకంగా అక్కడే ఇవ్వాలి.

గ్రూపులో ఆ ‘మీకెందుకు తగిలింది’ కింద ఏమీ రాయకు. క్షమాపణ కూడా వద్దు, నీ ఫోను సంగతీ వద్దు. రేపు పొద్దున లోడు ఎక్కాక ఎప్పటిలాగే రాయి: ‘రాయదుర్గం బండి 10.40కి బయల్దేరింది. లాటరల్స్, పైపులు, ఫిట్టింగులు, ఫిల్టరు అన్నీ ఎక్కించినాం. లిస్టు అన్నకు చదివి వినిపించినా.’